ల్యాప్ టైమ్‌ల జాబితాలోంచి కిలోమీటర్ లెక్క తీయడం ఎట్లా

కర్నూలులో ఎండ సంగతి తెలిసినవాళ్ళు ఆరు కాకముందే మైదానంలో ఉంటారు. కానిస్టేబుల్ ఎంపికలకు తయారయ్యే పిల్లలు, రన్నింగ్ మొదలుపెట్టిన ఉద్యోగులు, అందరి చేతికీ ఏదో ఒక డిజిటల్ వాచీ. చుట్టు పూర్తయిన ప్రతిసారీ బటన్ నొక్కుతారు. పరుగయ్యాక వాచీలో ఒక అంకెల వరుస మిగులుతుంది, చాలామంది అందులో చివరి అంకె ఒక్కటే చూసి మిగతాదంతా చెరిపేస్తారు.

మా గుంపులో ఒక పిల్లోడు అట్లా చెరిపేయకుండా వరుసంతా నోటుబుక్కులో ఎక్కించుకొచ్చాడు. "అన్నా, యావరేజ్ పేస్ ఎంత? ఫాస్టెస్ట్ కిలోమీటర్ ఏది?" అని అడిగాడు. మొదటి ప్రశ్నకు, అంటే కిలోమీటర్‌కు సగటున ఎంత సమయం పట్టిందో చెప్పడానికి, ఒక భాగహారం చాలు. రెండోదానికి జవాబు ఆ వరుసలో నేరుగా లేదు. అతను నొక్కింది 400 మీటర్లకోసారి, అడుగుతున్నది 1000 మీటర్ల లెక్క. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చే పద్ధతి ఏమిటో అతని 5000 మీటర్ల పరుగు మీదే చూద్దాం.

ముందు ఆ అంకె ఏమిటో తేల్చుకోండి

మామూలు వాచీల్లో బటన్ నొక్కగానే రెండు రకాల అంకెల్లో ఏదో ఒకటి కనబడుతుంది. `LAP` అని ఉంటే అది ఆ ఒక్క చుట్టుకు పట్టిన సమయం. `SPL` అని ఉంటే పరుగు మొదలైనప్పటి నుంచి అప్పటిదాకా గడిచిన మొత్తం సమయం. కొన్ని వాచీలు రెండూ చూపిస్తాయి, కొన్ని ఒక్కటే. తికమక ఎక్కడంటే, ఫోన్ యాప్‌లో స్ప్లిట్స్ అని కనిపించేవి చాలావరకు ఒక్కో కిలోమీటర్‌కు విడివిడిగా పట్టిన సమయాలు. అంటే వాచీలోని `SPL`, యాప్‌లోని స్ప్లిట్ ఒకటి కావు.

గుర్తు పట్టడం తేలిక. అంకెలు కిందికి పోయేకొద్దీ పెరుగుతూనే ఉంటే అవి మొత్తం సమయాలు. రెండు నిమిషాలకు అటూ ఇటూ ఊగుతుంటే చుట్టు సమయాలు. మన పిల్లోడిది మొదటి రకం:

| దూరం (మీ.) | మొత్తం సమయం |
|---|---|
| 200 | 0:56 |
| 600 | 2:50 |
| 1000 | 4:47 |
| 1400 | 6:46 |
| 1800 | 8:47 |
| 2200 | 10:49 |
| 2600 | 12:52 |
| 3000 | 14:54 |
| 3400 | 16:58 |
| 3800 | 19:04 |
| 4200 | 21:07 |
| 4600 | 23:05 |
| 5000 | 24:54 |

దూరాల గడి నేను రాసుకున్నది, వాచీ ఇవ్వదు. 5000 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద పన్నెండున్నర చుట్లు. ఆ అర చుట్టును మొదట్లోనే పూర్తి చేయడానికి పరుగు ఫినిష్ లైన్‌కు ఎదుటి వైపు, 200 మీటర్ల గీత దగ్గర మొదలవుతుంది. అందుకే మొదటిసారి ఫినిష్ లైన్ దాటేటప్పటికి అయింది 200 మాత్రమే. ఇది మరిచిపోయి మొదటి అంకెను 400 అనుకుంటే 56 సెకన్లలో చుట్టు కొట్టినట్టు వస్తుంది. జాతీయ స్థాయి వాళ్ళు కూడా 5000 మీటర్ల పరుగును ఆ వేగంతో మొదలుపెట్టరు.

వరుసను శుభ్రం చేయడం

లెక్క మొదలుపెట్టే ముందు ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టండి. 5000కు పదమూడు ఉండాలి. పన్నెండే ఉంటే ఒకచోట బటన్ నొక్కడం మరిచిపోయారు, పద్నాలుగుంటే ఒకచోట రెండుసార్లు నొక్కారు. చుట్టు సమయాలు తీశాక తప్పు ఎక్కడుందో దానంతటదే బయటపడుతుంది. అన్నీ రెండు నిమిషాల చుట్టూ ఉండి మధ్యలో ఒక్కటి 4:05 అని వస్తే అది రెండు చుట్లు కలిసిపోయినది. ఒకటి 0:02 అని, దాని పక్కది కాస్త చిన్నగా 2:00 అని వస్తే చేయి రెండుసార్లు పడింది, ఆ రెండూ కలిపితే అసలు చుట్టు 2:02 దొరుకుతుంది.

మరిచిపోయిన చోట 4:05ను సగం చేసి రెండు చుట్లుగా రాసుకోవడం చాలామంది చేసే పని. నేనైతే వద్దంటాను. దాన్ని 800 మీటర్లకు 4:05 అనే ఉంచండి. యావరేజ్‌కు దాంతో ఇబ్బందేమీ లేదు. కానీ సగం చేస్తే మీరు కల్పించిన అంకె రేపు ఫాస్టెస్ట్ చుట్టుగా బయటికొచ్చి కూర్చుంటుంది.

తీసివేత: నిమిషాన్ని అరువు తెచ్చుకోవడం

చుట్టు సమయం కావాలంటే కింది అంకెలోంచి పై అంకె తీసేయాలి. 21:07లోంచి 19:04 తీస్తే 2:03, అక్కడ చిక్కేమీ లేదు. 19:04లోంచి 16:58 తీసేటప్పుడు నాలుగులోంచి యాభై ఎనిమిది పోదు. ఒక నిమిషం అరువు తెచ్చుకోవాలి, తెచ్చుకున్నది 60 సెకన్లు, 100 కాదు. 19:04ను 18:64గా రాసుకుని 16:58 తీస్తే 2:06. ఇక్కడ మామూలు అంకెల్లాగా తీసివేస్తే 2:46 వస్తుంది. ఏదైనా చుట్టు హఠాత్తుగా నలభై సెకన్లు ఎక్కువగా కనబడితే ముందు ఈ అరువు సరిచూసుకోండి.

అన్నీ తీశాక ఆ పిల్లోడి వరుస ఇది: మొదటి 200 మీటర్లు 0:56, తర్వాత చుట్లు వరుసగా 1:54, 1:57, 1:59, 2:01, 2:02, 2:03, 2:02, 2:04, 2:06, 2:03, 1:58, 1:49. అన్నీ కూడితే మళ్ళీ 24:54 రావాలి, వస్తుంది. రాకపోతే ఎక్కడో తీసివేత తప్పింది. ముందుకు పోవద్దు.

ఇంతలోనే పరుగు కథ కొంత కనబడుతోంది. దాదాపు ప్రతి చుట్టుకూ ఒకటి నుంచి మూడు సెకన్లు జారుతూ వచ్చి, 3800 దగ్గర అట్టడుగుకు చేరి, చివరి మూడు చుట్లలో లేచాడు.

కిలోమీటర్లు ఎక్కడ పడుతున్నాయి

ఇప్పుడు అసలు పని. పట్టికలో 1000, 3000, 5000 ఉన్నాయి. 2000, 4000 లేవు. ఇది కాకతాళీయం కాదు. 2000 మీటర్లంటే సరిగ్గా అయిదు చుట్లు, 4000 అంటే పది. అంటే ఆ రెండూ మీరు బయల్దేరిన చోటే, 200 మీటర్ల గీత దగ్గరే పడతాయి. బేసి కిలోమీటర్లు మాత్రం అర చుట్టు ముందుకొచ్చి ఫినిష్ లైన్ మీద పడతాయి. బటన్ నొక్కింది ఫినిష్ లైన్ దగ్గర మాత్రమే కాబట్టి సరి కిలోమీటర్లను మనం అంచనా కట్టుకోవాలి.

2000 మీటర్లు 1800కూ 2200కూ నట్టనడుమ ఉంది. ఆ చుట్టుకు పట్టింది 2:02. రెండు సగాలూ ఒకే వేగంతో పోయాడనుకుంటే సగానికి 1:01. 8:47కు 1:01 కలిపితే 9:48. అట్లాగే 4000 మీటర్లు 3800కూ 4200కూ నడుమ ఉంది. చుట్టు 2:03, సగం ఒక నిమిషం ఒకటిన్నర సెకన్లు. 19:04కు కలిపితే 20:05.5.

ఇక అయిదు కిలోమీటర్లూ వచ్చేసినట్టే:

| కిలోమీటర్ | ఎట్లా వచ్చింది | సమయం |
|---|---|---|
| 1 | 4:47 | 4:47 |
| 2 | 9:48 − 4:47 | 5:01 |
| 3 | 14:54 − 9:48 | 5:06 |
| 4 | 20:05.5 − 14:54 | 5:11.5 |
| 5 | 24:54 − 20:05.5 | 4:48.5 |

వీటిలో మొదటిది ఒక్కటే పూర్తిగా వాచీ కొలిచినది. మిగతా నాలుగింటికీ ఏదో ఒక కొస అంచనా. అంచనా వేసుకున్నవాటి పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి. నెల తర్వాత తిరగేసినప్పుడు ఏది కొలత, ఏది ఊహ అన్నది గుర్తుండదు.

ఫాస్టెస్ట్ కిలోమీటర్ ఏది మరి

పట్టిక చూస్తే మొదటిది, 4:47. అయిదోది 4:48.5, ఒకటిన్నర సెకన్లు వెనక. కానీ ఆ ఒకటిన్నర సెకన్ల మీద మాట నిలబడుతుందా?

పదో చుట్టును దగ్గరగా చూడండి. దాని ముందు చుట్టు 2:06, తర్వాతది 1:58. అంటే ఆ సమయంలో అతను వేగం పెంచుతూ పోతున్నాడు, రెండు సగాలూ సమానం అయ్యే అవకాశం తక్కువ. మొదటి సగం 1:02, రెండో సగం 1:01 అనుకోవడం సబబుగా ఉంటుంది. అప్పుడు 4000 దగ్గర 20:06, అయిదో కిలోమీటర్ 4:48. ఇంకా ఒక సెకను వెనకే. సమానం కావాలంటే ఆ సగాలు 1:03, 1:00గా ఉండాలి. అది అసాధ్యం కాదు, కానీ పక్క చుట్ల తీరు చూస్తే కొంచెం ఎక్కువే. పైగా పరిగెత్తుతూ వేలితో నొక్కేటప్పుడు గీతకు అర అడుగు ముందో, రెండడుగుల తర్వాతో పడుతుంది, దాంతో ఒక సెకనులో కొంత భాగం అటూ ఇటూ అవుతుంది.

కాబట్టి నేనిచ్చిన జవాబు: "మొదటిదే ఫాస్ట్, వెంట్రుకవాసి తేడాతో. అయిదోది కాదని మాత్రం ఒట్టేసి చెప్పలేనప్పా." అతనికది అంతగా నచ్చలేదు, చివరి కిలోమీటరే ఫాస్ట్ అని వినాలనుకున్నాడు. నిజానికి అతని అనుమానంలో పస ఉంది, అది మరో చోట బయటపడుతుంది.

అంచనా అక్కర్లేని పొడవు ఎంచుకోండి. రెండు చుట్లు, 800 మీటర్లు, పూర్తిగా వాచీ కొలిచినది. చివరి రెండు చుట్లు 1:58, 1:49 కలిపితే 3:47. మొదటి 200 తర్వాతి రెండు చుట్లు 1:54, 1:57 కలిపితే 3:51. ఇక్కడ నాలుగు సెకన్ల తేడా, అందులో ఊహ ఏమీ లేదు. పరుగు మొత్తంలో బాగా ఉరికిన 800 చివరిదే. చివరి చుట్టు 1:49ను రెండున్నరతో హెచ్చవేస్తే కిలోమీటర్‌కు 4:32.5 పేస్. అంటే 4:47తో మొదలుపెట్టినవాడి కాళ్ళలో చివరికి అంతకంటే ఎక్కువే మిగిలి ఉంది. ఆ ఓపికను మధ్యలో రెండో, మూడో కిలోమీటర్లలో పంచుకోకుండా దాచుకున్నాడని నా ఉద్దేశం.

ఫాస్టెస్ట్ కిలోమీటర్ అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. 0–1000, 1000–2000 అని గీతలు గీయకుండా, పరుగులో ఎక్కడ మొదలైనా సరే వరుసగా 1000 మీటర్లు తీసుకుని వాటిలో అత్యుత్తమం చెప్పడం. యాప్‌లు బెస్ట్ 1 కిలోమీటర్ అని చూపేది మామూలుగా ఇదే, అందుకే అది కొన్నిసార్లు మీ స్ప్లిట్స్ పట్టికలోని ఏ అంకెతోనూ కలవదు. చేత్తో చేయాలంటే రెండు పూర్తి చుట్లు, పక్కనున్న చుట్టులో సగం కలుపుకుంటూ కిందికి జరగాలి. ఉదాహరణకు 200 నుంచి 1200 దాకా: 1:54, 1:57, తర్వాతి 1:59లో సగం 0:59.5, మొత్తం 4:50.5. మన పిల్లోడు రెండు కొసల్లోనే వేగంగా పోయాడు కాబట్టి మధ్యలో ఏ ముక్క తీసుకున్నా మొదటి దాన్నీ చివరి దాన్నీ దాటదు. మధ్యలో ఊపందుకుని చివర్లో డీలా పడేవాళ్ళకు మాత్రం ఈ పద్ధతే అసలు సంగతి చెబుతుంది.

ఈ ఊహాగానమంతా తప్పించుకోవాలంటే తర్వాతిసారి ఒక్క పని చేస్తే చాలు. 2000, 4000 దగ్గర, అంటే బయల్దేరిన గీత దాటేటప్పుడు కూడా బటన్ నొక్కడం. వరుసలో రెండు అంకెలు పెరుగుతాయి, రెండు చోట్ల చుట్టు సగాలుగా విడిపోయి కనబడుతుంది. మొత్తం పదిహేను రావాలని గుర్తుంచుకుంటే సరి.

యావరేజ్ పేస్

మొత్తం సమయాన్ని మొత్తం దూరంతో భాగించాలి. అంతే. 24:54ను సెకన్లలోకి మారిస్తే 24 × 60 + 54 = 1494. అయిదుతో భాగిస్తే 298.8 సెకన్లు. అందులో 240 పోతే నాలుగు నిమిషాలు, మిగిలింది 58.8. పేస్ 4:58.8, దాదాపు 4:59.

ఇక్కడ రెండు గుంతలున్నాయి. మొదటిది క్యాలిక్యులేటర్. 24:54ను `24.54` అని కొట్టి 5తో భాగిస్తే 4.908 వస్తుంది. దాన్ని 4 నిమిషాల 91 సెకన్లు అని చదివినవాళ్ళున్నారు. 91 సెకన్లంటే నిమిషం దాటిపోయిందిగా, అక్కడే అనుమానం రావాలి. కొందరు ఇంకాస్త జాగ్రత్తగా .908ను 60తో హెచ్చవేసి 4:54 అంటారు. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. 54 సెకన్లంటే నిమిషంలో 0.9 వంతు. `24.9` అని కొడితే 4.98, ఆ .98ను 60తో హెచ్చవేస్తే సరైన 58.8.

రెండో గుంత, పేస్‌లన్నీ కూడి ఎన్నున్నాయో దాంతో భాగించడం. అన్ని ముక్కలూ ఒకే పొడవుంటే ఇది పనిచేస్తుంది. పైన అయిదు కిలోమీటర్లకూ పనిచేస్తుంది. కె.సి. కాలువ గట్టు వెంబడి 3.2 కిలోమీటర్లు పోయారనుకోండి. వాచీ కిలోమీటర్‌కోసారి తనే ల్యాప్ వేసి 5:50, 6:00, 6:10 చూపింది, చివరి 0.2 కిలోమీటర్లకు 1:00 చూపింది. ఆ చివరి ముక్క పేస్ 5:00. నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తే 5:45. నిజానికి మొత్తం 19:00, అంటే 1140 సెకన్లు, 3.2తో భాగిస్తే 356, అంటే 5:56. చివర్లో ఉరికిన రెండు వందల మీటర్లకు పూర్తి కిలోమీటర్ హోదా ఇచ్చినందుకు కిలోమీటర్‌కు పదకొండు సెకన్లు గాల్లోంచి పుట్టుకొచ్చాయి.

ఫోన్‌లో షీట్ వేసుకునేవాళ్ళకు

A గడిలో మీటర్లు, B గడిలో మొత్తం సమయాలు, రెండో వరుస నుంచి పద్నాలుగో వరుస దాకా. సమయాన్ని `4:47` అని టైప్ చేస్తే షీట్ దాన్ని 4 గంటల 47 నిమిషాలు అనుకుంటుంది. `0:04:47` అని టైప్ చేయండి.

```
C3:  =B3-B2
2000 మీ.:  =B6+(B7-B6)/2
4000 మీ.:  =B11+(B12-B11)/2
పేస్:  =B14/(A14/1000)
```

C3లోని సూత్రాన్ని C14 దాకా కిందికి లాగితే చుట్లన్నీ వస్తాయి. మొదటి 200కు C2లో `=B2` చాలు. షీట్‌లో అరువు గొడవ ఉండదు, కానీ ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టే పని ఇక్కడా మీదే.

దూరం తప్పితే లెక్కంతా తప్పు

ఇప్పటిదాకా 400 అంటే 400 అనే నమ్మాం. అది మొదటి లేన్‌కు, లోపలి గీతను ఆనుకుని పోయినప్పుడు మాత్రమే. ప్రామాణిక ట్రాక్‌లో రెండో లేన్ చుట్టు దాదాపు 407 మీటర్లు. పన్నెండున్నర చుట్లు అందులోనే పోతే 88 మీటర్ల దాకా అదనంగా పోయినట్టు. నడిచేవాళ్ళు మొదటి లేన్ ఆక్రమిస్తే ఇది రోజూ జరిగేదే. దాటడానికి ఒకటి రెండుసార్లు పక్కకు జరిగితే పట్టించుకోనక్కర్లేదు.

జీపీఎస్ వాచీ ఉన్నవాళ్ళు ట్రాక్ మీద దాని దూరాన్ని నమ్మకుండా చేత్తో ల్యాప్ నొక్కడం మేలు. మలుపుల దగ్గర జీపీఎస్ దారి అటూ ఇటూ పోతుంది. అదే పరుగును అది 5.12 కిలోమీటర్లుగా చూపిస్తే, 24:54కే పేస్ 4:52 అని మురిపిస్తుంది. సమయం ఒకటే, దూరం సాగింది. కాలువ గట్టు మీదో రోడ్డు మీదో మరో దారి లేదు కాబట్టి జీపీఎస్ దూరమే దిక్కు. అక్కడ కిలోమీటర్‌కు రెండు మూడు సెకన్ల తేడాలను లెక్కలోకి తీసుకోవద్దు.

1600 మీటర్ల వాళ్ళకు

ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్ళకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. నాలుగు చుట్లు, చుట్టుకు 2:00, పేస్ సరిగ్గా 5:00. లెక్క ఇంత సుఖంగా ఉండే దూరం మరొకటి లేదు. ఇక్కడ పరుగు ఫినిష్ లైన్ దగ్గరే మొదలయ్యేటట్టు పెట్టుకుంటే నాలుగు అంకెలూ పూర్తి చుట్లే. కిలోమీటర్ మాత్రం రెండున్నర చుట్ల దగ్గర, మూడో చుట్టు నడుమ పడుతుంది.

ఒకరి చుట్లు 1:48, 1:58, 2:05, 2:02 అనుకుందాం. మొత్తం 7:53, అంటే 473 సెకన్లు. 1.6తో భాగిస్తే దాదాపు 4:56 పేస్, గట్టెక్కినట్టే. మొదటి కిలోమీటర్ 1:48, 1:58, 2:05లో సగం కలిపి 4:48.5. మిగతా 600 మీటర్లకు 3:04.5, దాన్ని 0.6తో భాగిస్తే పేస్ 5:07.5. మొదటి కిలోమీటర్ కంటే 19 సెకన్లు మందగించాడు. మొదటి చుట్టు వేగాన్నే 1:54కు తగ్గించుకుంటే మూడో చుట్టు 2:05 దాకా జారుతుందా లేదా అన్నది ఎల్లుండి పొద్దున వాచీయే చెబుతుంది, అప్పుడు 1000 దగ్గర కూడా ఒకసారి నొక్కించండి.